ధర్మవరం చీరలకు ఏఐతో క్యాప్షన్లు: చాలాకాలం వాడాక నా సమీక్ష

అనంతపురంలో మా వదిన ఇంట్లోనే ధర్మవరం పట్టుచీరలు అమ్ముతుంది. షాపంటూ లేదు. హాల్లో ఒక బీరువా, ఫోన్లో ఒక ఇన్‌స్టా పేజీ, రెండు వాట్సాప్ గ్రూపులు, అంతే. ఫోటోలు ఆమె తీస్తుంది, కింద మాటలు రాసే పని నాకు పడింది. రోజూ కొత్త మాటలు ఎక్కడి నుంచి వస్తాయని ఏఐ చాట్ యాప్ పట్టుకున్నాను. రెండు మూడు యాప్‌లు మార్చి మార్చి వాడాను. ఈ పనికి వాటి మధ్య పెద్ద తేడా ఏమీ కనపడలేదు. నేను చెప్పే తీరు మార్చినప్పుడు మాత్రం బాగా తేడా వచ్చింది. అందుకే ఏ యాప్‌కి ఎన్ని స్టార్లు అన్నది వదిలేసి, ఎలా చెప్తే మనకు నచ్చేది వస్తుందో రాస్తున్నాను.

ఫోటో పెట్టి "దీనికి ఐదు మంచి క్యాప్షన్లు ఇవ్వు" అంటే వచ్చేవి ఇట్లుంటాయి: "సంప్రదాయానికి సొగసులద్దే పట్టు వైభవం", "ప్రతి పోగులో ఒక కథ", "మీ అందానికి రాజసం జోడించండి". తప్పులేమీ ఉండవు. కానీ అదే మాటను కంచి చీర కింద పెట్టినా, గద్వాల చీర కింద పెట్టినా అతికిపోతుంది. నా పరీక్ష అదే. క్యాప్షన్‌ను వేరే చీర ఫోటో కింద పెట్టి చూస్తా, అక్కడా సరిపోయిందంటే తీసి పారేస్తా.

ఒక చీర సంగతి వివరంగా చెప్తాను. నెమలి కంఠం రంగు, వెడల్పాటి మెరూన్ అంచు, కొంగు మీద మామిడి పిందెలు. ధర్మవరంలో డబుల్ షేడ్ చీరలు చాలా చూస్తాం కదా, ఇది ఆ రకం: నిలువు పోగులు, అంటే పడుగు, నీలం; అడ్డం పోగులు, అంటే పేక, ఆకుపచ్చ. నీడలో నీలంగా, ఎండలో పచ్చగా కనిపిస్తుంది. వదిన దాన్ని సాయంత్రం మిద్దె మీద దండేనికి వేసి ఫోన్‌తో తీసింది. ఎండ వెలుతురులో ఫోటోకి పచ్చదనమే ఎక్కువ పడింది.

ఫోటో ఒక్కటే ఇస్తే యాప్ దాన్ని "ఆకుపచ్చ పట్టుచీర" అనేసింది. దానికి కనిపించింది అదే కాబట్టి తప్పు పట్టలేం. కానీ ఆ మాట నమ్మి కొన్నావిడ ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద చీర విప్పితే నీలంగా కనిపిస్తుంది, వెంటనే ఫోన్ చేస్తుంది. ఇంకొక క్యాప్షన్‌లో "ఉతికి ఆరేసిన చీర సాయంత్రపు గాలిలో" అని వచ్చింది. దండెం కనిపించింది కాబట్టి ఉతికారనుకుంది. కొత్త పట్టుచీరను ఉతికి ఎండలో ఆరేసి అమ్మేవాళ్ల దగ్గర ఎవరు కొంటారు? మూడోది అన్నిటికంటే ప్రమాదం: "స్వచ్ఛమైన వెండి జరీ". జరీ గురించి నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆ చీరలో ఉన్నది వెండి జరీ కంటే చవకైన టెస్టెడ్ జరీ, ధర కూడా దాన్ని బట్టే పెట్టాం.

ఇలాంటివి చూశాక ఫోటో వివరాలను రెండు ముక్కలుగా ఇవ్వడం అలవాటు చేసుకున్నాను. ఒకటి ఫోటోలో కనిపించేది, రెండోది ఫోటో చూస్తే తెలియనిది. రెండో ముక్కే ముఖ్యం. రంగు అసలు ఎలా ఉంటుంది, చీర దండెం మీద ఎందుకుంది, జరీ ఏ రకం, చేనేతా పవర్‌లూమా, ఇవన్నీ అందులోకి వస్తాయి. ధర్మవరంలో మగ్గాల పక్కనే పవర్‌లూమ్‌లూ నడుస్తాయి కాబట్టి మనం చెప్పకపోతే యాప్ ప్రతి చీరనూ "నేతన్నల నెలల శ్రమ" చేసేస్తుంది. చెప్పని చోట అది ఖాళీ వదలదు, వినడానికి బాగుండేదాన్ని తెచ్చి నింపుతుంది. కాబట్టి చివర్లో "నేను రాయని వివరం ఏదీ కలపొద్దు" అని ఒక లైన్ ఎప్పుడూ పెడతాను. అయినా అప్పుడప్పుడూ కలుపుతుంది. జరీ, నేత, పట్టు, ఈ మూడు మాటలున్న లైన్లను పోస్ట్ చేసే ముందు కళ్లతో సరిచూడాల్సిందే.

తర్వాత చదివేవాళ్ల సంగతి. "25 నుంచి 45 ఏళ్ల మహిళలు" అని రాస్తే ఏమీ మారదు, నేను చాలాసార్లు చూశాను. వయసు కంటే పనికొచ్చేది ఆమెకు ముందే ఏం తెలుసు, ఎందుకు చూస్తోంది అన్నది. మా పేజీకి వచ్చేవాళ్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకరు అనంతపురం, తాడిపత్రి, గుంతకల్లు వైపు అమ్మలు. ధర్మవరం చీరంటే ఏంటో వీళ్లకు చెప్పక్కర్లేదు, మనకే నేర్పుతారు. ఇంకొకరు బెంగళూరులో ఉద్యోగాలు చేసే ఆ అమ్మల కూతుళ్లు. వీళ్లకు చీర పేరు తెలుసు, రకాలు తెలియవు. కట్టేది ఏడాదికి రెండు మూడుసార్లే.

నెమలి కంఠం చీరకు అమ్మల కోసం నేను ఇచ్చింది దాదాపు ఇట్లా ఉంది:

"ఫోటోలో కనిపించేది: మిద్దె మీద దండేనికి వేసిన ధర్మవరం పట్టుచీర, సాయంత్రపు ఎండ, వెడల్పాటి మెరూన్ అంచు, కొంగు మీద మామిడి పిందెలు. ఫోటోలో తెలియనిది: అసలు రంగు నెమలి కంఠం, ఎండలో పచ్చగా, నీడలో నీలంగా ఉంటుంది. కొత్త చీర, వెలుతురు కోసమే బయట వేశాం. చేనేత, టెస్టెడ్ జరీ. చదివేది: అనంతపురం జిల్లాలో యాభై దాటిన అమ్మ. ఇంట్లో ఇలాంటి చీరలు ఇప్పటికే ఉన్నాయి. కూతురి పెళ్లికి చీరలు చూస్తోంది. పొగిడితే నమ్మదు. చెప్పే తీరు: తెలిసినావిడ మడత విప్పి చూపిస్తూ మాట్లాడినట్టు. రెండు మూడు చిన్న వాక్యాలు. వద్దు: వైభవం, రాజసం, సొగసు, ఎమోజీలు, ప్రశ్నతో మొదలుపెట్టడం. నేను రాయని వివరం ఏదీ కలపొద్దు. ఆరు ఇవ్వు, ఒక్కొక్కటి ఒక్కో వివరంతో మొదలవ్వాలి."

వచ్చిన ఆరింటిలో ఒకటి యథాతథంగా వాడుకున్నాం: "ఎండలో పచ్చగా, ఇంట్లోకి తెస్తే నీలంగా. రెండూ ఇదే చీర. మెరూన్ అంచు మాత్రం ఎక్కడ చూసినా మెరూనే." చీరలో ఉన్న విశేషమూ చెప్పేసింది, రంగు గురించి ముందే హెచ్చరించినట్టూ అయింది. మిగతా ఐదింటిలో రెండు పర్వాలేదు, మూడు పనికిరావు. మామూలుగా నాకు వచ్చే వాటా అంతే. ఆరుకు ఆరూ బాగుండాలని కూర్చుంటే పొద్దు పోతుంది.

అదే ఫోటోకి కూతుళ్ల కోసం అడిగినప్పుడు "చదివేది" అన్న ముక్క ఒక్కటే మార్చాను: బెంగళూరులో ఉద్యోగం, అమ్మ బీరువాలో ఇలాంటి చీర చూసింది, తనకంటూ ఇంకా కొనుక్కోలేదు, పడుగు పేక అంటే తెలియదు. "అమ్మ పెళ్లి ఫోటోల్లో ఈ రంగు చూసే ఉంటావు. ఫోటోలో సగమే తెలుస్తుంది. వీకెండ్‌కి ఊరికి వచ్చినప్పుడు కిటికీ దగ్గర ఒకసారి, లోపల ఒకసారి పట్టుకుని చూడు" అని వచ్చింది. చివరి వాక్యం కాస్త పొడవైంది, నేనే కత్తిరించాను. రెండింటికీ ఫోటో ఒకటే, చెప్పే తీరూ ఒకటే. ఒక్క ముక్క మారిస్తే ఇంత మారింది.

ఇక మూడ్. దీంట్లోనే అందరూ ఎక్కువ తంటాలు పడతారనిపిస్తుంది. "క్లాసీగా", "ఎమోషనల్‌గా", "ట్రెండీగా" అని రాస్తే ప్రతిదానికీ యాప్ దగ్గర ఒక రెడీమేడ్ మూస ఉంది. ఎమోషనల్ అంటే అమ్మమ్మ జ్ఞాపకాలు, ట్రెండీ అంటే ఇంగ్లీషు మాటలూ నిప్పు ఎమోజీ. విశేషణాల బదులు ఎవరు ఎవరితో ఏ సందర్భంలో మాట్లాడుతున్నారో చెప్తే నాకు దగ్గరగా వచ్చింది. దాంతోపాటు నాకు నచ్చిన పాత క్యాప్షన్లు రెండు మూడు నమూనాగా ఇస్తాను. ఇక్కడ ఒక చిక్కుంది. ఒక్కటే ఇస్తే దాన్నే రంగు మార్చి కాపీ కొడుతుంది. మూడిచ్చినా మూడూ "వదినా" అని మొదలైతే వచ్చేవన్నీ "వదినా" అనే మొదలవుతాయి. కాబట్టి నమూనాలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండాలి: ఒకటి చిన్నది, ఒకటి కాస్త పెద్దది, ఒకటి సరదాది.

యాస గురించి తప్పకుండా చెప్పాలి. "రాయలసీమ యాసలో రాయి" అని మాత్రం అడగకండి. సినిమాల్లో ఫ్యాక్షన్ సీన్లలో తొడగొట్టి మాట్లాడే భాష వస్తుంది, అది చీర కింద పెడితే కొనేవాళ్లు భయపడతారు. మా ఇంట్లో మాట్లాడుకునే వాక్యాలు నాలుగు రాసిస్తా. "ఈ అంచు చూడక్కా, ఎంత బాగుండాదో" లాంటివి. "ఇంతకు మించి యాస వద్దు" అని కూడా చెప్తా. అప్పుడు కూడా తెలుగు కొంచెం కోస్తా వైపు జారుతూనే ఉంటుంది. చివరి మెరుగు మన చేత్తో పెట్టుకోవడమే సులువు.

వచ్చినవి నచ్చకపోతే "ఇంకా బాగా రాయి" అనడం దండగ. బాగా అంటే దానికి ఇంకాస్త ఎక్కువ పొగడమని. "మూడోది దగ్గరగా ఉంది, రెండో వాక్యం తీసెయ్, కొంగుతో మొదలుపెట్టు" అని ఏది ఉంచాలో ఏది తీయాలో చెప్తే తర్వాతి విడతలో పని అయిపోతుంది. రెండు మూడు విడతల్లో రాకపోతే అదే చాట్‌లో సాగదీయను. వద్దన్న మాటలే మళ్లీ మళ్లీ దూరుతుంటాయి, పాత చీర వివరాలు కొత్త చీరకు అంటుకుంటాయి. కొత్త చాట్ తెరిచి, ఫోన్ నోట్స్‌లో దాచుకున్న మూసలో చీర వివరాలు మార్చి పెట్టేస్తా.

నిడివి కూడా ముందే చెప్పుకోవాలి. ఇన్‌స్టాలో మొదటి రెండు లైన్ల తర్వాత more అని కట్ అవుతుంది, చాలామంది దాన్ని నొక్కరు. రంగు సంగతి ఆ రెండు లైన్లలోనే రావాలని అడుగుతా. ధర, కొరియర్, ఫోన్ నంబర్ మాత్రం యాప్‌కి అసలు ఇవ్వను. అవి నేనే కింద టైప్ చేస్తా. నా అంకె మారకుండా వెనక్కి వచ్చిందో లేదో ప్రతిసారీ చూసుకోవడం కంటే అదే త్వరగా అవుతుంది.

ఎవరికి పనికొస్తుందంటే, రోజుకు నాలుగైదు ఫోటోలు పెట్టేవాళ్లకు తప్పకుండా. వారానికి ఒకటి పెట్టేవాళ్లకు పైన చెప్పిన వివరాలన్నీ టైప్ చేసేలోపు సొంతంగా క్యాప్షనే రాసేయొచ్చు. మా వదిన అయితే కొన్న కస్టమర్లు చీర కట్టుకుని పంపిన ఫోటోలకు నన్ను, యాప్‌ను ఇద్దరినీ పక్కన పెడుతుంది. "మన సరోజక్కకు యాప్ ఏం రాస్తాదిలే" అని వాయిస్ టైపింగ్‌లో ఆమే చెప్పేస్తుంది, లైకులు వాటికే ఎక్కువ వస్తాయి.