ప్యాసా కౌఆ: కథతో పేచీ లేదు, ‘నే’తోనే

కుండ, కాకి, గులకరాళ్లు. కథ చెప్పాల్సిన పని లేదు. ఆరో తరగతిలో హిందీ మొదలుపెట్టే తెలుగు పిల్లలకు మొదటి పాఠంగా ఏళ్ల తరబడి వాడాక ఈ కథ మీద మిగిలిన ఫిర్యాదు ఒక్కటే. తప్పు నేర్చుకున్న పిల్లాడికి కూడా ఇది నూటికి నూరు మార్కులు వేయించేస్తుంది.

తరగతిలో నిలబడిన పాఠం తొమ్మిది వాక్యాలు: ఏక్ కౌఆ థా. వహ్ ప్యాసా థా. ఉస్‌నే ఏక్ ఘడా దేఖా. ఘడే మేఁ పానీ కమ్ థా. కౌఆ కంకడ్ లాయా. ఉస్‌నే కంకడ్ ఘడే మేఁ డాలే. పానీ ఊపర్ ఆయా. కౌఏ నే పానీ పియా. కౌఆ ఉడ్ గయా.

చిన్న మాటలు, ఒత్తులు తక్కువ, బొమ్మ చూస్తే అర్థం తెలిసిపోతుంది. కొత్తగా చదివేవాళ్లకు ఇంతకంటే సులువైన కథ దొరకడం కష్టం. ‘ఘడా’ కాస్తా ‘ఘడే మేఁ’ ఎందుకయిందని అడిగితే, ఇల్లు ‘ఇంట్లో’ అయినట్టే అంటే సరిపోతుంది. అలా చెప్పకపోతే మాత్రం ‘లడ్కా, లడ్కే’ గుర్తొచ్చి ‘కుండల్లో నీళ్లు’ అని రాస్తారు.

అసలు తంటా ‘నే’ దగ్గర. దేఖ్‌నా, డాల్‌నా, పీనా లాంటి సకర్మక క్రియలు భూతకాలంలో దేఖా, డాలే, పియా లాంటి రూపంలో వచ్చినప్పుడు కర్తకు ‘నే’ తగులుతుంది, క్రియ లింగవచనాల్లో కర్తను వదిలేసి కర్మ వెంట పోతుంది. తెలుగులో ఇలాంటిది లేదు. తాగింది కాకి కాబట్టి క్రియ కాకితోనే కలుస్తుందని పిల్లలు అనుకోవడం సహజం. ఈ కథలో కౌఆ పుంలింగం, ఘడా పుంలింగం, పానీ పుంలింగం, కంకడ్ కూడా పుంలింగమే. కాకితో కలిపినా ‘పియా’, నీళ్లతో కలిపినా ‘పియా’. జవాబు సరైనదే, దారే తప్పు. పేపరు దిద్దేవాళ్లకు ఆ సంగతి కనబడదు.

గుట్టు బయటపెట్టేది ఒక్క మాట, ‘డాలే’. కాకి ఒకటే అయినా ఇక్కడ బహువచనం వచ్చింది, ఎందుకంటే రాళ్లు చాలా ఉన్నాయి. చూచిరాతలోనే దీన్ని ‘డాలా’ అని దిద్దేసే పిల్లలు ఉంటారు. అది అక్షరదోషం కాదు, కాకితో కలిపారన్నమాట. కొన్ని పాఠాల్లో ‘ఏక్ కంకడ్ డాలా’ అని ఉంటుంది. అప్పుడు ఆ ఒక్క కిటికీ కూడా మూసుకుపోయినట్టే.

దీనికి పనికొచ్చిన విరుగుడు కాకిని తీసేసి పిచ్చుకను పెట్టడం. ‘చిడియా’ స్త్రీలింగం. పిల్లల చేత తొమ్మిది వాక్యాలూ మళ్లీ రాయించాలి. ఏక్ చిడియా థీ, వహ్ ప్యాసీ థీ, చిడియా కంకడ్ లాయీ, చిడియా ఉడ్ గయీ: ఈ నాలుగింటిలోనే రూపం మారుతుంది. ‘నే’ ఉన్న మూడు చోట్లా దేఖా, డాలే, పియా కదలవు. ‘చిడియా నే పానీ పీ’ అని రాసినవాళ్లెవరో అప్పటికప్పుడే తేలిపోతుంది. మర్నాడు పిచ్చుకను అలాగే ఉంచి ఘడాకు బదులు స్త్రీలింగమైన సురాహీ, అంటే కూజా, పెట్టాలి. ఈసారి ‘ఉస్‌నే ఏక్ సురాహీ దేఖీ’ అవుతుంది. రెండూ ఒకే రోజు చేయిస్తే ఏది దేనివల్ల మారిందో తెలియక అన్నిటికీ ‘ఈ’ తగిలిస్తారు.

‘నే’ పట్టుబడ్డాక ఇంకో జబ్బు మొదలవుతుంది: ‘కౌఏ నే కంకడ్ లాయా’. తెచ్చినదానికి కర్మ ఉంది కదా అన్న వాదన సబబే. అయితే ‘లానా’ అసలు ‘లే ఆనా’, అంటే తీసుకుని రావడం. చివర ఉన్నది కర్మ అక్కర్లేని ‘రావడం’ కాబట్టి ‘నే’ రాదు. ఇంతవరకు చెబితే ఒప్పుకుంటారు.

(గాజు గ్లాసులో రాళ్లు వేసి చూపించేవాళ్లు సగం దాకా నీళ్లు పోసుకోండి. రాళ్ల మధ్య సందులే గ్లాసులో దాదాపు 40 శాతం ఉంటాయి. పావు గ్లాసు నీళ్లు ఆ సందుల్లోనే ఇంకిపోయి, పైదాకా రావు. అప్పుడు ‘పానీ ఊపర్ ఆయా’ అబద్ధమవుతుంది.)

సులువైన కథ అన్నది చదవడం, అర్థం చెప్పడం వరకే నిజం. వారానికి రెండు మూడు పీరియడ్లే ఉండి, చదివిస్తే చాలనుకునే తరగతికి కాకినే ఉంచుకోవచ్చు. హైదరాబాదులో దక్కనీ మాట్లాడే ఇళ్ల పిల్లలుంటే లెక్క వేరు. వాళ్లకు కథ ఒక్కసారికే అర్థమైపోతుంది గానీ దక్కనీలో ‘నే’ సాధారణంగా పలకరు కాబట్టి ‘కౌవా పానీ పియా’ అని ధీమాగా రాస్తారు. వాళ్లకు పిచ్చుక కంటే ముందు ‘కౌఆ’, ‘కౌఏ నే’ రెండూ పక్కపక్కన బోర్డు మీద రాసి చూపించాల్సి వస్తుంది.