తిండి, మందు, సిగరెట్ అలవాట్ల సంగతి ఎప్పుడు అడగాలి: మధ్యవర్తి ద్వారానా, పెళ్లిచూపుల్లోనా, ముందే ఫోన్లోనా?

మా పిన్ని కూతురికి గుంటూరులో సంబంధాలు చూస్తున్నప్పుడు ఈ మూడు పద్ధతులూ మా ఇంట్లోనే నడిచాయి. దాన్నిబట్టి చెబుతున్నా, నా ఓటు ఫోన్‌కే. అయితే ఫోన్ చేసి ఏం అడిగామన్నదాని కన్నా ఎలా అడిగామన్నదే ముఖ్యం.

మధ్యవర్తి ద్వారా అడిగితే వచ్చే జవాబు అందరికీ తెలిసిందే, "అబ్బాయికి ఏ చెడు అలవాట్లూ లేవండి." పాపం ఆయనకి మాత్రం ఏం తెలుసు, అబ్బాయి వాళ్ల నాన్న చెప్పిందే మనకి చెబుతాడు, ఆ నాన్నకి కొడుకు హైదరాబాద్ రూమ్‌లో ఏం చేస్తున్నాడో తెలియదు. పైగా "చెడు అలవాట్లు" అన్న మాట వాడామంటేనే తీర్పు ముందే ఇచ్చేసినట్టు. ఈ దారిలో నిక్కచ్చిగా తెలిసేది ఒక్కటే, ఇంట్లో మాంసం వండుతారా లేదా అని.

పెళ్లిచూపుల్లో అడగడం ఇంకా ఇబ్బంది. ఇద్దరినీ పక్క గదిలో పది నిమిషాలు కూర్చోబెడతారు, తలుపు ఓరగా తీసే ఉంటుంది, హాల్లో స్వీటూ కారప్పూసా తింటున్న పెద్దల మాటలు వినిపిస్తూనే ఉంటాయి. మావాళ్లు ఒకసారి అలాగే అడగమన్నారు, మా చెల్లి "మీరు డ్రింక్ చేస్తారా?" అని అడిగింది. ఆ అబ్బాయి "అబ్బే, లేదండి" అని తలుపు వంక చూశాడు. అక్కడ నిజం చెప్పమంటే ఎవరు చెబుతారు?

తర్వాత పటమట నుంచి వచ్చిన సంబంధానికి ఫొటోలు, జాతకాలు మార్చుకున్నాక, చూపులు పెట్టుకోకముందే నంబర్లు ఇచ్చుకున్నారు. రెండో ఫోన్‌లో మా చెల్లి ముందు తన సంగతే చెప్పింది. "నేను గుడ్డు కూడా తిననండి. పక్కన కూర్చుని ఎవరు తిన్నా నాకేం లేదు, వండటం మాత్రం నా వల్ల కాదు. మీ ఇంట్లో ఆదివారం ఎలా ఉంటుంది?" అంది. తింటారా అని కాదు, ఆదివారం ఎలా ఉంటుంది అని. దాంతో అతను మనసు విప్పాడు. నాన్న పొద్దున్నే వెళ్లి చేపలు తెస్తారట, కార్తీకమాసం మొత్తం ముట్టరట, అమ్మ సోమవారాలు ఉపవాసమట. రేపు ఆ ఇంట్లో వంటగది ఎలా ఉంటుందో ఆ రెండు నిమిషాల్లో తెలిసిపోయింది.

మందు దగ్గరికొచ్చేసరికి "అప్పుడప్పుడూ" అన్నాడు. ఈ "అప్పుడప్పుడూ"తోనే చిక్కు, ఒకరికి అది సంక్రాంతికి ఒక బీరు, ఇంకొకరికి ప్రతి శనివారం. "అప్పుడప్పుడంటే పండక్కా, శనివారం శనివారమా?" అని ఇది నవ్వుతూ అడిగింది. "నెలకి రెండుసార్లు బీరండి, ఇంట్లో తెలీదు" అన్నాడు. "నా దగ్గరే ఉంటుందిలెండి" అంది, అలాగే ఉంచింది కూడా, నాకు చెప్పిందంటే ఆ సంబంధం పోయాకే. మెసేజ్‌లో అడగొద్దనేది ఇందుకే, స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పడేస్తే ఇక అంతే సంగతులు. పైగా నవ్వుతూ అడిగిన ప్రశ్న కూడా రాతలో పోలీసు విచారణలా కనిపిస్తుంది.

సిగరెట్ దగ్గర ఆగింది. రోజుకి నాలుగైదు, "పెళ్లయ్యాక మానేస్తా" అన్నాడు. ఇక్కడ తప్పుపట్టకుండా అడగాల్సింది "ఇంతకుముందు ఎప్పుడైనా మానారా, ఎన్నాళ్లు ఉండగలిగారు?" అని. మానిన మొదటి కొద్ది రోజులు చిరాకు, నిద్ర పట్టకపోవడం గట్టిగానే ఉంటాయి, చాలామంది ఒకటికి నాలుగుసార్లు ప్రయత్నించాకే మానగలుగుతారు. అందుకని ఆ మాట అబద్ధమని కాదు గానీ, దాన్ని నమ్ముకుని ముహూర్తం పెట్టుకోలేం. రెండుసార్లు మానానని, వారం దాటలేదని నిజమే చెప్పాడు. మా చెల్లికేమో చిన్నప్పటి నుంచి ఆస్తమా, బట్టలకి పట్టిన పొగ వాసనకే ఆయాసం వస్తుంది. "మీరు కాలుస్తారని కాదండి, నాకు ఊపిరి ఆడదు" అని చెప్పేసింది. రెండిళ్లలోనూ పైకి జాతకాలు కుదరలేదని చెప్పుకున్నారు.

ఫోన్‌లో అన్నీ బయటపడతాయని కాదు, ఎక్కువ తాగేవాడు అక్కడా తక్కువే చెబుతాడు. నాలుగైదు సార్లు మాట్లాడితే శనివారం రాత్రి ఫోన్ ఎత్తుతున్నాడా లేదా అన్నది తెలుస్తుంది, అంతవరకే.

చివరికి చేసుకున్న అబ్బాయి గుడ్లు తింటాడు. ఆ మాట మొదటి ఫోన్లోనే తేలింది, పెనం ఎవరిది, ఎక్కడ కడగాలి అన్నదాకా వెళ్లింది. ఇప్పుడు వాళ్ల బాల్కనీలో ఒక ఇండక్షన్ స్టవ్, నల్ల పెనం విడిగా ఉంటాయి. ఆమ్లెట్ ఆయనే వేసుకుంటాడు, ఉల్లిపాయలు మాత్రం ఇదే తరిగి ఇస్తుంది.