గుండె చుట్టూ నీరు నొక్కేస్తుంటే: సూదా, ఆపరేషనా, పెద్దాసుపత్రికి ప్రయాణమా?

గుండె చుట్టూ నీరు చేరి, ఆ నీరే గుండెను నొక్కేయడాన్ని టాంపొనేడ్ అంటారు. అప్పుడు డ్యూటీలో ఉన్న డాక్టరుకు నాలుగు దారులు కనిపిస్తాయి. సెలైన్ ఎక్కించి బీపీని నిలబెట్టడం, సూదితో నీరు తీయడం, ఛాతీ ఎముక కింద కోత పెట్టి విండో ఆపరేషన్ చేయించడం, అంబులెన్స్ ఎక్కించి పెద్దాసుపత్రికి పంపడం. ఇవి నాలుగూ ఒకదానికొకటి బదులు కావు. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అసలు ప్రశ్న. ఆ వరస తప్పితే, మంచి చికిత్స కూడా మనిషిని చంపేయగలదు.

ఇలాంటి చోట తరచూ కనిపించే తరహా కేసు ఒకటి తీసుకుందాం. నలభై ఏళ్ల మనిషి, మూడు వారాలుగా సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గాడు, రెండు రోజులుగా ఆయాసం, పడుకోలేక కూర్చునే ఉంటున్నాడు. కాళ్లకు కొంచెం వాపు. నాడి 124, బీపీ 96/70. మెడ నరాలు కూర్చున్నా ఉబ్బి కనిపిస్తున్నాయి. విచిత్రం ఏమిటంటే ఊపిరితిత్తుల్లో స్టెతస్కోపు పెడితే చప్పుడు శుభ్రంగా ఉంది. ఎక్స్‌రేలో గుండె నీడ పెద్దగా ఉంది. జిల్లా ఆసుపత్రి, ఎకో మెషీన్ ఉంది, గుండె సర్జన్ లేడు. హైదరాబాద్ మూడు గంటల దూరం.

మొదట బీపీ పట్టీతోనే ఒక పని చేయాలి. గాలి చాలా మెల్లగా వదులుతూ వినాలి. మొదటి చప్పుడు 96 దగ్గర వినిపిస్తుంది, కానీ ఊపిరి వదిలినప్పుడు మాత్రమే, పీల్చినప్పుడు మాయమవుతుంది. ఇంకా గాలి వదిలితే 76 దగ్గర పీల్చినా వదిలినా చప్పుడు ఆగకుండా వినిపిస్తుంది. తేడా 20. మామూలు మనిషిలో ఇది 10కి మించదు. ఉబ్బసం బాగా ముదిరినప్పుడూ ఇలా కనిపించవచ్చు, కానీ ఇక్కడ పిల్లికూతలు లేవు, పైగా మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

ఈ 20 ఎక్కడి నుంచి వచ్చింది? గుండె చుట్టూ ఉండే పొరలో మామూలుగా 15 నుంచి 50 మి.లీ. నీరే ఉంటుంది, దాని ఒత్తిడి దాదాపు సున్నా. నీరు పెరిగేకొద్దీ ఆ ఒత్తిడి పెరిగి, గుండె గదుల్లోకి రక్తం వచ్చే ఒత్తిడితో సమానమవుతుంది. ముందుగా లొంగేది కుడి వైపు, ఎందుకంటే కుడి కర్ణికలో ఒత్తిడి తక్కువ, గోడ పల్చన. ఎకోలో ఆ గోడ లోపలికి కుంగడం కళ్లారా కనిపిస్తుంది. తర్వాత కుడి జఠరిక కూడా విప్పారాల్సిన క్షణంలో కుంగుతుంది. గుండె పిండే శక్తి తగ్గలేదు, నిండడానికే చోటు లేదు. ఊపిరి పీల్చినప్పుడు కుడి వైపుకి రక్తం ఎక్కువ వస్తుంది, బయటకు విస్తరించే దారి లేక మధ్యగోడను ఎడమ వైపుకి నెడుతుంది, ఎడమ గది ఆ మేరకు చిన్నదవుతుంది, బీపీ పడుతుంది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉండటానికి కారణం కూడా ఇదే: కుడి గుండె అటు పంపే రక్తమే తగ్గిపోయింది.

ఎంత నీరు చేరింది అన్నదానికంటే ఎంత త్వరగా చేరింది అన్నది ముఖ్యం. కత్తిపోటు వల్ల గంటలో చేరిన 200 మి.లీ. రక్తం ప్రాణం తీయగలదు. క్షయలోనో థైరాయిడ్ లోపంలోనో నెలల తరబడి లీటరు చేరినా మనిషి నడుచుకుంటూ రావచ్చు. ఆ పొర కొత్త తోలు చెప్పులాంటిది, రోజుల మీద సాగుతుంది గానీ ఒక్క పూటలో సాగదు. సాగే హద్దు దాటాక మాత్రం చివరి 50 మి.లీ. ఒత్తిడిని ఒక్కసారిగా పైకి లాగేస్తుంది. దీనికి మరో వైపు మన మంచికే ఉంది: మొదట తీసిన 50, 100 మి.లీ. కూడా ఒత్తిడిని అంతే వేగంగా దించుతుంది.

ఇప్పుడు దారులు. కాళ్ల వాపు, ఆయాసం, ఉబ్బిన మెడ నరాలు చూడగానే చెయ్యి ఒంట్లో నీటిని మూత్రంగా పంపేసే లాసిక్స్ వైపు పోతుంది. గుండె ఫెయిల్యూర్ అయితే సరైన మందే. ఇక్కడ మాత్రం ఉబ్బిన ఆ నరాల ఒత్తిడే గుండెలోకి కాస్తయినా రక్తాన్ని తోస్తోంది. దాన్ని మూత్రంలో పోగొడితే బీపీ 96 నుంచి 70కి జారుతుంది. నాడి వేగాన్ని తగ్గించే మందు కూడా అంతే ప్రమాదం. ఒక్కో దెబ్బకు వెళ్లే రక్తం తగ్గినప్పుడు ఎక్కువ దెబ్బలు కొట్టడం ఒక్కటే గుండె చేతిలో ఉన్న పని.

సెలైన్? వాంతులు, విరేచనాలు, రక్తస్రావంతో ఒంట్లో నీరు తగ్గిన మనిషికైతే 250 నుంచి 500 మి.లీ. పనికొస్తుంది, కాసేపు. ఒంట్లో నీరు సరిపడా ఉన్నవాడికి లాభం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. లీటర్ల కొద్దీ పోస్తే నిండిన కుడి వైపు మధ్యగోడను ఇంకా ఎడమకు నెడుతుంది. నా లెక్కలో సెలైన్ అంటే సూది సిద్ధం చేసేలోపు ఎక్కే సీసా, అంతకు మించి కాదు. బీపీ మందుల డ్రిప్ కూడా అదే కోవ.

మరి అంబులెన్స్? ఇక్కడే కుటుంబం ఒత్తిడి ఎక్కువ ఉంటుంది. "పెద్దాసుపత్రికి రాసేయండి సార్, రిస్క్ వద్దు" అంటారు. వాళ్ల టెన్షన్ అర్థమవుతుంది. బీపీ నిలకడగా ఉండి, ఎకోలో గదులు కుంగకుండా, చుట్టూ నీరు మాత్రమే ఉంటే పంపడమే సరైనది. కానీ ఈ మనిషికి మూడు గంటల రోడ్డు ప్రయాణమే పెద్ద రిస్క్. దారిలో గుండె ఆగితే ఛాతీ నొక్కినా పెద్దగా ఫలితం ఉండదు, నిండని గుండెను నొక్కితే బయటకు వచ్చేదేముంటుంది? ఆయాసం చూసి భయపడి, పంపే ముందు గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టడం ఇంకా పెద్ద పొరపాటు. మనం పీల్చే ఊపిరి రక్తాన్ని గుండెలోకి లాగుతుంది. మెషీన్ తోసే గాలి దాన్ని ఆపుతుంది. మత్తు ఎక్కగానే బీపీ కుప్పకూలడం టాంపొనేడ్‌లో అందరికీ తెలిసిన ప్రమాదం.

కాబట్టి ఈ కేసులో సూదే మేలు, అదీ ఉన్నచోటే. మనిషిని తల వైపు కొంచెం ఎత్తి పడుకోబెడతారు, నీరు కిందికీ ముందుకీ చేరుతుంది. ఎకో ప్రోబ్‌తో నీరు ఎక్కడ లోతుగా, చర్మానికి దగ్గరగా ఉందో, మధ్యలో ఊపిరితిత్తి గానీ కాలేయం గానీ అడ్డు లేదో చూస్తారు. పాత పుస్తకాల్లో ఛాతీ ఎముక కొస కింద నుంచి ఎడమ భుజం వైపు గుచ్చమని ఉండేది. ఇప్పుడు చోటును ఎకో చెబుతుంది, చాలాసార్లు అది గుండె కొస వైపు పక్కటెముకల మధ్య వస్తుంది. అక్కడ సూదిని కింది ఎముక పై అంచును ఆనుకునే పోనివ్వాలి, ఎందుకంటే ప్రతి ఎముక కింది అంచు వెంట రక్తనాళం ఉంటుంది. మత్తు ఇంజక్షన్ ఆ ఒక్క చోటికే.

సూదిలోకి ఎర్రటి నీరు వస్తే గుండె లోపలికే గుచ్చేశామా అని గుండె జారుతుంది. క్షయలోనూ క్యాన్సర్‌లోనూ ఆ నీరు ఎర్రగా ఉండటం మామూలే. సందేహం తీరడానికి రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ కొట్టి బుడగలు చేసిన కొద్ది సెలైన్‌ను సూదిలోంచి పంపి ఎకోలో చూస్తారు. బుడగలు గుండె చుట్టూ మెరిస్తే సరైన చోటే ఉన్నాం, గది లోపల మెరిస్తే సూది వెనక్కి తీయాలి. సరైన చోటని తేలాక తీగ, తీగ మీద కొస వంపు తిరిగిన పిగ్‌టెయిల్ గొట్టం. మొదటి 100 మి.లీ. రాగానే బీపీ 96 నుంచి 114కి లేస్తుంది, నాడి 124 నుంచి 106కి దిగుతుంది, మనిషి పొడుగ్గా ఊపిరి తీస్తాడు. ఆ తర్వాత తొందర అక్కర్లేదు. చాలా ఎక్కువ నీరు ఒకేసారి లాగేస్తే అరుదుగా గుండె డీలా పడి ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అందుకే ఒక విడతలో లీటరు దాటనివ్వకుండా మిగతాది మెల్లగా వదులుతారు.

ప్రమాదం లేదని కాదు. కుడి జఠరికకు చిల్లు, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం జరగవచ్చు. అమెరికాలోని మేయో క్లినిక్ 1979 నుంచి 2000 వరకు ఎకో చూస్తూ చేసిన 1,127 ప్రక్రియల్లో పెద్ద ప్రమాదాలు 1.2 శాతం. చెయ్యి తిరిగిన చోట లెక్క అది. ఎకో లేకుండా గుడ్డిగా గుచ్చడం మనిషి చేతుల్లోనే పోతున్నప్పుడు తప్ప వద్దు.

విండో ఆపరేషన్‌కి తన బలం తనకుంది. పొరలో ఒక ముక్క కోసి బయాప్సీకి పంపవచ్చు, లోపల అరలు కట్టిన నీటినీ చీమునీ వేలితో విడదీసి తీయవచ్చు, క్యాన్సర్‌లో నీరు మళ్లీ చేరే అవకాశం తగ్గుతుంది. లోటు ఒక్కటే, ఈ మనిషికి అది చాలా పెద్దది: సర్జన్, థియేటర్, చాలాసార్లు పూర్తి మత్తు కావాలి. అందుకే తెలిసిన టీములు మత్తుకు ముందే ఛాతీని శుభ్రం చేసి, గుడ్డలు కప్పి, సర్జన్ కత్తితో సిద్ధంగా నిలబడ్డాకే మందు ఇస్తాయి. నాకు ఇంకా నచ్చే పద్ధతి, వీలైన చోట, ముందు సూదితో కొంత నీరు తీసి ఒత్తిడి దించి, ఆ తర్వాత థియేటర్‌కి తీసుకెళ్లడం.

కొన్ని చోట్ల వరస తిరగబడుతుంది. బైపాస్ ఆపరేషన్ అయిన కొద్ది గంటల్లో బీపీ పడితే చుట్టూ ఉన్నది నీరు కాదు, గడ్డకట్టిన రక్తం. అది తరచూ గుండె వెనక దాక్కుంటుంది, సూదికి అందదు, ఛాతీ మళ్లీ తెరవాల్సిందే. కత్తిపోటూ అంతే. బృహద్ధమని చీలి రక్తం చేరితే దారి నేరుగా థియేటర్‌కే. అక్కడ సూదితో అంతా తీసేస్తే బీపీ ఎగసి చీలిక ఇంకా విప్పారుతుంది. థియేటర్ దాకా బతకడనిపిస్తే మాత్రం బీపీ 90 వచ్చేంత కొద్దిగా తీసి ఆగుతారు.

మన మనిషి దగ్గరకు వస్తే, మొదటి రోజు 850 మి.లీ., రెండో రోజు 120, మూడో రోజు 20. రోజుకు 25, 30 మి.లీ. కంటే తగ్గింది కాబట్టి ఎకో చూసి గొట్టం తీసేస్తారు. నీటిలో ఏడీఏ పరీక్ష 68 వచ్చింది, 40 దాటితే క్షయ అనుమానం బలమవుతుంది. ఆరు నెలల మందులు మొదలు. హైదరాబాద్‌కి ఇప్పుడు పంపవచ్చు, ఆ మూడు గంటలూ అతను కిటికీ పక్కన కూర్చుని వెళ్తాడు. నెలకీ మూడు నెలలకీ ఎకో మాత్రం తప్పనిసరి. క్షయలో నీరు పోయాక పొరే దళసరెక్కి గుండె చుట్టూ బిగుసుకోవచ్చు, అప్పుడు సూదీ విండో రెండూ పనిచేయవు, ఆ పొరను ఒలిచి తీసే పెద్ద ఆపరేషనే కావాలి.