1492 ఎక్కడ పెట్టాలి: రౌటర్లోనా, ల్యాప్‌టాప్‌లోనా?

తిరుపతి బైరాగిపట్టెడలో మా అక్క వాళ్ళింట్లో పాత రౌటర్ పోయి కొత్తది పెట్టారు. మరుసటి రోజే బావ ఫోన్ చేశాడు. "యూట్యూబ్ బాగానే వస్తా ఉందప్పా, బ్యాంకు సైటే సగంలో నిలబడిపోతా ఉంది. వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది, ఫోటో పోదు" అన్నాడు. మొబైల్ హాట్‌స్పాట్ మీద అదే సైటు చక్కగా తెరుచుకుంటోంది. నెట్ కనెక్షన్‌కి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయన్నాడు. అంటే లాగిన్ అయ్యి నెట్‌కు కలిసే పద్ధతి, పీపీపీవోఈ. అప్పుడే నాకు ఎంటీయూ మీద అనుమానం వచ్చింది.

ఒక ప్యాకెట్ ఎంత పెద్దదిగా వెళ్ళొచ్చో చెప్పే హద్దే ఎంటీయూ. మామూలు ఈథర్నెట్‌లో అది 1500 బైట్లు. పీపీపీవోఈ ప్రతి ప్యాకెట్‌కీ తన 8 బైట్లు తగిలిస్తుంది కాబట్టి మనకు మిగిలేది 1492. కొత్త రౌటర్లో ఎంటీయూ గడిలో 1500 అనే ఉంది. చిన్న ప్యాకెట్లకు దీంతో ఇబ్బంది లేదు. అందుకే సైటు పేరు దొరుకుతుంది, కనెక్షన్ కుదురుతుంది, పైనున్న శీర్షిక కూడా కనిపించవచ్చు. సర్వర్ తన సర్టిఫికెట్‌నో పెద్ద బొమ్మనో, లేదా మన ఫోన్ ఫోటోనో నిండు ప్యాకెట్లలో పంపినప్పుడే చిక్కు. ఆ ప్యాకెట్లను ముక్కలు చేయొద్దని గుర్తు పెట్టి పంపుతారు. ఇరుకు దగ్గర ఉన్న పరికరం "ఇది పట్టదు, చిన్నది పంపు" అని సర్వర్‌కు కబురు పెట్టాలి. ఆ కబురును దారిలో ఏ ఫైర్‌వాలో ఆపేస్తే సర్వర్ అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్ళీ మళ్ళీ పంపుతుంది, మన పేజీ తిరుగుతూనే ఉంటుంది. యూట్యూబ్ ఎక్కువగా క్విక్ పద్ధతిలో నడుస్తుంది. అందులో ప్యాకెట్లు చిన్నవిగా మొదలవుతాయి కాబట్టి దానికి ఈ దెబ్బ తగల్లేదు.

ముందు కొలిచి చూశాం. విండోస్ ల్యాప్‌టాప్‌లో:

```
ping -f -l 1472 1.1.1.1
ping -f -l 1464 1.1.1.1
```

ఇక్కడ ఇచ్చే అంకెకు హెడర్ల 28 బైట్లు కలుస్తాయి. 1472 అంటే 1500, 1464 అంటే 1492. మొదటిదానికి `Request timed out` వచ్చింది, రెండోదానికి జవాబు వచ్చింది. రౌటర్లో విలువ సరిగ్గా ఉంటే మొదటిదానికి `Packet needs to be fragmented but DF set` అని వెంటనే కనిపించాలి. అది రాకుండా మౌనంగా పోయిందంటే, రౌటర్ తనకు పట్టని ప్యాకెట్‌ను కూడా పడుతుందనుకుంటోందన్నమాట.

ఇంతలో బావ ఎవరో చెప్పారని ల్యాప్‌టాప్‌లో ఇది కొట్టేశాడు:

```
netsh interface ipv4 set subinterface "Wi-Fi" mtu=1492 store=persistent
```

బ్యాంకు సైటు తెరుచుకుంది. ఎందుకంటే ల్యాప్‌టాప్ కనెక్షన్ మొదట్లోనే "నాకు 1452 బైట్ల ముక్కలే పంపు" అని సర్వర్‌కు చెబుతుంది, 1492లో 40 బైట్లు హెడర్లకు పోను మిగిలేది అదే. కానీ అక్క ఫోన్‌లో ఫోటో పోలేదు. ఇంట్లో టీవీ, రెండు ఫోన్లు, చుట్టాలొస్తే వాళ్ళ ఫోన్లు. ఎన్నింటిలో మారుస్తాం?

అందుకే నా ఓటు రౌటర్‌కే. బయటి నెట్ వైపుకు ఉండే దాని వ్యాన్ సెట్టింగ్‌లో 1492 పెడితే, చాలా రౌటర్లు తమ గుండా వెళ్ళే ప్రతి కనెక్షన్‌లోనూ, 1500లో 40 పోను పరికరాలు చెప్పే 1460ని దిద్ది 1452 చేస్తాయి. దీన్నే ఎంఎస్ఎస్ క్లాంపింగ్ అంటారు. ఇది లేని రౌటర్లో మాత్రం 1492 పెట్టినా బయటి నుంచి వచ్చే పెద్ద ప్యాకెట్ల గొడవ మిగిలిపోతుంది. అక్కడ ల్యాప్‌టాప్ దారే గెలుస్తుంది, లేదా రౌటరే మార్చాలి.

కొందరు ఎందుకైనా మంచిదని 1400 పెట్టేస్తారు. దానివల్ల వేగం పెద్దగా తగ్గదు. 10 ఎంబీ ఫైలుకు 1492తో దాదాపు 6,890 ప్యాకెట్లు, 1400తో 7,350 పడతాయి, అంతే తేడా. నాకు నచ్చనిది కొలవకుండా పెట్టడం. పింగ్ నిజంగా 1464 దగ్గర కూడా పోకపోతే, జవాబు వచ్చే అంకె దాకా దిగి దానికి 28 కలిపి పెట్టండి. ఐపీవీ6 వాడుతుంటే 1280కన్నా కిందికి దిగకండి, అది తెగిపోతుంది.

పీపీపీవోఈ మీద కూడా 1500 వాడుకునే పద్ధతి ఉంది, 2006లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4638. దానికి కింది దారి 1508 మోయాలి, అటు ఆపరేటర్ పరికరం, ఇటు మన రౌటర్ రెండూ ఒప్పుకోవాలి. ఆపరేటర్ ఉందని చెబితేనే ప్రయత్నించాలి.

బావ రౌటర్లో 1492 పెట్టి రీస్టార్ట్ చేశాడు. ల్యాప్‌టాప్‌ను మళ్ళీ 1500కి తెమ్మన్నాను. లేకపోతే సైటు రౌటర్ వల్ల తెరుచుకుందో, పాత మార్పు వల్లో తెలీదు. అలా చేశాకే బ్యాంకు సైటు చూశాడు, తెరుచుకుంది. అక్క ఫోటో కూడా పోయింది.