బ్యాక్‌లాగ్ పడితే ఏది మేలు: రీవాల్యుయేషనా, వెంటనే సప్లీనా, ఫైనలియర్ దాకా ఆగడమా?

జేఎన్‌టీయూహెచ్ అనుబంధ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. రిజల్ట్స్ వచ్చిన వారం స్టాఫ్‌రూమ్ ముందు నిలబడే పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కిందటేడు రెండో సంవత్సరం రెండో సెమిస్టర్ ఫలితాల తర్వాత ఒక సీఎస్ఈ అబ్బాయి వచ్చాడు. మూడు పేపర్లు పోయాయి. "మేడమ్, ఎనిమిదేళ్లు టైముంది కదా, ఫైనలియర్‌లో అన్నీ కలిపి రాసేస్తాను" అన్నాడు. ఆ మాట నేను ఏటా వింటూనే ఉన్నాను. అది ఎందుకు ప్రమాదమో ఆ అబ్బాయి మార్కులతోనే చెబుతాను. నిబంధనలన్నీ ఆర్22 రెగ్యులేషన్‌వి. వేరే రెగ్యులేషన్ వాళ్లు, వేరే యూనివర్సిటీ వాళ్లు తమ రూల్ పుస్తకంతో సరిచూసుకోండి.

ముందు పాస్ లెక్క. ఇంటర్నల్స్ 40, ఎక్స్‌టర్నల్ 60. ఎక్స్‌టర్నల్‌లో కనీసం 21 రావాలి, ఇంటర్నల్స్‌లో 14 ఉండాలి, రెండూ కలిపి 40 కావాలి. సప్లీ రాసినా ఇంటర్నల్స్ మారవు. పాత మార్కులే వచ్చి కలుస్తాయి. చాలామంది మరిచిపోయేది ఇదే.

మన అబ్బాయికి ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో ఇంటర్నల్స్ 27, ఎక్స్‌టర్నల్ 18. మొత్తం 45 అయినా ఎక్స్‌టర్నల్‌లో మూడు మార్కులు తగ్గి ఫెయిల్. బిజినెస్ ఎకనామిక్స్‌లో ఇంటర్నల్స్ 15, ఎక్స్‌టర్నల్ 22. ఇక్కడ ఎక్స్‌టర్నల్ దాటాడు, కానీ మొత్తం 37 దగ్గర ఆగిపోయింది. అంటే ఈ పేపర్‌లో అతని పాస్ మార్కు 21 కాదు, 25. డిస్క్రీట్ మ్యాథ్స్‌లో ఇంటర్నల్స్ 20, ఎక్స్‌టర్నల్ 6. ఇందులో పాస్ కావాలంటే 21 తెచ్చుకుంటే చాలు.

మొదటి రెండు పేపర్లలోనూ తక్కువైంది మూడు మార్కులే. రెండింటికీ రీవాల్యుయేషన్ పెడదామన్నాడు. నేను ఒక్కదానికే పెట్టమన్నాను. ఎలా తేల్చామంటే, పేపర్‌లో ఏమేం రాశాడో గుర్తు చేసుకోమన్నాను. పార్ట్ ఏ పది మార్కులు, పార్ట్ బీలో పది మార్కుల ప్రశ్నలు ఐదు. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో నాలుగు పెద్ద ప్రశ్నలకు పూర్తిగా జవాబులు రాశాడు, పార్ట్ ఏ దాదాపు అంతా రాశాడు. అంత రాసినవాడికి 18 అంటే తక్కువే, మళ్లీ దిద్దించడంలో అర్థముంది. బిజినెస్ ఎకనామిక్స్‌లో రాసిందే మూడు పెద్ద ప్రశ్నలు, అందులో ఒకటి సగం. దానికి 22 వచ్చిందంటే దిద్దినవాళ్లు ఉదారంగానే వేశారు. ఆ పేపర్‌కు రీవాల్యుయేషన్ ఫీజు కట్టడం కంటే ఆ డబ్బు సప్లీకి కట్టడం మేలు.

రీవాల్యుయేషన్‌కు ఇంకో విలువ ఉంది. ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్ రావాలంటే సీజీపీఏ ఒక్కటే ఉంటే చాలదు, అన్ని సబ్జెక్టులూ మొదటిసారి రాసినప్పుడే పాస్ కావాలి. రీవాల్యుయేషన్‌లో పాసైతే అది అదే పరీక్ష ఫలితం, రెండోసారి రాసినట్టు కాదు. కాబట్టి మంచి సీజీపీఏ ఉండి ఒక్క పేపర్ మాత్రమే పోయినవాళ్లు ఇంకేమీ ఆలోచించకుండా ముందు రీవాల్యుయేషన్ పెట్టాలి. సప్లీలో తొంభై వచ్చినా ఆ డిస్టింక్షన్ తిరిగి రాదు. మన అబ్బాయికి మూడు పోయాయి కాబట్టి ఆ ఆశ ఎలాగూ లేదు.

అయితే రీవాల్యుయేషన్ ఫలితం కోసం ఎదురుచూస్తూ సప్లీ ఫీజు గడువు దాటించుకునేవాళ్లను ఎంతమందినో చూశాను. రెండింటికీ కట్టాలి. రీవాల్యుయేషన్‌లో పాసైతే సప్లీ ఫీజు పోతుంది, పోనివ్వండి. ఒక ఎగ్జామ్ సీజన్ పోవడం కంటే అది చాలా చిన్న నష్టం.

ఇక ఎనిమిదేళ్ల సంగతి. ఒక పేపర్ ఇన్నిసార్లే రాయాలని లెక్క లేదు. చేరినప్పటి నుంచి ఎనిమిది విద్యా సంవత్సరాల్లో డిగ్రీ పూర్తి కావాలి, అంతే. పై ఏడాదికి వెళ్లడానికి కూడా అతనికి ఇబ్బంది లేదు. రెండో ఏడాది చివరికి 80 క్రెడిట్లలో 48 ఉంటే మూడో ఏడాదిలోకి వెళ్లొచ్చు. అతనికి పోయినవి మూడు మూడు చొప్పున తొమ్మిదే. అందుకే ధీమాగా ఉన్నాడు.

కానీ క్యాంపస్ ప్లేస్‌మెంట్లు నాలుగో ఏడాది మొదట్లోనే మొదలవుతాయి. కంపెనీలు చూసేది ఆ రోజుకు ఇంకా పాస్ కాని పేపర్లు ఎన్ని ఉన్నాయని. పెద్ద ఎత్తున తీసుకునే టీసీఎస్ లాంటి కంపెనీలు ఒక్క బ్యాక్‌లాగ్ వరకు ఒప్పుకున్నాయి, అదీ కోర్సు ముగిసేలోగా పాసవ్వాలన్న షరతుతో. చాలా కంపెనీలు ఒక్కటి ఉన్నా లిస్టులో పేరు రానివ్వవు. పాసైపోయిన పాత బ్యాక్‌లాగ్‌ల గురించి అడిగే కంపెనీలు ఉన్నాయి కానీ తక్కువ. అంటే క్లియర్ చేసిన పేపర్ వల్ల నష్టం కొంచెమే, మిగిలి ఉన్న పేపర్ వల్ల నష్టం పూర్తిగా.

ఇప్పుడు సీజన్లు లెక్కపెట్టండి. రెండో ఏడాది చివర్లో పోయిన పేపర్‌కు ఒక అవకాశం మూడో ఏడాది మొదటి సెమిస్టర్ పరీక్షలతో, ఇంకొకటి రెండో సెమిస్టర్ పరీక్షలతో. దాని రిజల్ట్స్ వచ్చేసరికే డ్రైవ్‌లు తలుపు దగ్గర ఉంటాయి. రూల్ పుస్తకంలో ఎనిమిదేళ్లు, ఉద్యోగం కావాలనుకునే పిల్లాడికి రెండే అటెంప్ట్‌లు. ఫైనలియర్ దాకా ఆగుదామనుకున్నవాడు ఆ రెండింటినీ చేతులారా వదులుకుంటున్నాడు.

ఆగాలనుకునేవాళ్ల భయంలో నిజముంది. ఐదు రెగ్యులర్ పేపర్ల మధ్య మూడు పాతవి రాస్తే కొత్తవి కూడా పోతాయేమోనన్న టెన్షన్ అది. అందుకే మన అబ్బాయిని అన్నిటికీ ఫీజు కట్టమన్నాను కానీ చదువు విడదీశాం. డిస్క్రీట్ మ్యాథ్స్ సెమిస్టర్ మొదట్లో, మిడ్స్ రాకముందే రోజుకు గంట చొప్పున. బిజినెస్ ఎకనామిక్స్ పరీక్షల ముందు పదిరోజులు. సప్లీలో గ్రేడ్ కోసం ప్రాకులాడవద్దన్నాను. మూడు క్రెడిట్ల పేపర్‌లో సీ గ్రేడ్ బదులు ఏ గ్రేడ్ వచ్చినా 160 క్రెడిట్ల మీద సీజీపీఏ పెరిగేది 0.06 కూడా ఉండదు. సీజీపీఏ సరిగ్గా 6.5 చుట్టూ ఉన్నవాళ్లకు మాత్రం అదీ ముఖ్యమే. ఫస్ట్ క్లాస్ గీత అక్కడే ఉంది, కంపెనీలు అడిగే 60 శాతం కూడా అక్కడికే వస్తుంది. సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో హెచ్చవేస్తే శాతం.

ఆపరేటింగ్ సిస్టమ్స్ రీవాల్యుయేషన్‌లో పాసైంది. మొదటి సప్లీలో బిజినెస్ ఎకనామిక్స్‌కు 31 తెచ్చుకున్నాడు. మ్యాథ్స్‌లో 19 వచ్చి రెండు మార్కుల్లో ఆగిపోయింది. ఆ రోజు నా ముందే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. రెండో సప్లీలో 28 వచ్చింది. ఆ జూలైలో ప్లేస్‌మెంట్ ఫారంలో ‘ప్రస్తుత బ్యాక్‌లాగ్‌లు’ అన్నచోట సున్నా వేసి, ఆ కాగితం తెచ్చి నాకు చూపించి వెళ్లాడు.