కోడిగుడ్డు పొరటు ఎప్పుడు దించాలి: ఏడేళ్లుగా ఒకే పద్ధతి వాడాక నా మాట

ఏడేళ్లుగా వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు, ఉల్లిపాయలు వేసి కోడిగుడ్డు పొరటు ఒకే పద్ధతిలో చేస్తున్నాను. ఉల్లిపాయల్లో నీళ్ళు పూర్తిగా ఇంకిపోయేదాకా వేయించాలి. తర్వాత మంట తగ్గించి గుడ్లు పోయాలి. గుడ్డు ఇంకా కాస్త తడిగా ఉండగానే స్టవ్ కట్టేసి, మిగతా పని మూకుడు వేడికే వదిలేయాలి. పద్ధతి అంటే ఇంతే. అప్పటికప్పుడు వేడి అన్నంలోకి, చపాతీలోకి తినడానికి నేను చేసినవాటిలో ఇదే బాగుంది. లంచ్ బాక్సుకి మాత్రం పనికిరాదు, ఆ సంగతి చివర్లో చెప్తాను.

మొదట్లో నాకు ప్రతిసారీ ఒకటే సమస్య. గిన్నెలోకి తీసిన ఐదు నిమిషాలకి పొరటు కింద పల్చటి పచ్చటి నీళ్ళు చేరేవి. గుడ్డు ఉడకలేదనుకుని మర్నాడు ఇంకో మూడు నిమిషాలు ఎక్కువ ఉంచేవాణ్ణి. అప్పుడు గుడ్డు రబ్బరు ముక్కల్లా అయ్యేది, నీళ్ళు మాత్రం ఇంకా ఎక్కువ వచ్చేవి. ఒకరోజు ఫోన్లో అక్కకి చెప్పాను.

"ఉల్లిపాయలు బాగా వేగాక వేశావా గుడ్లు?"

"వేగాయక్కా, రంగు కూడా వచ్చింది."

"రంగు చూడకురా, చప్పుడు విను. నీళ్ళున్నంతసేపూ మూకుడు గోల చేస్తుంది. అది తగ్గాక గుడ్లు పోయాలి."

అక్క చెప్పిన ఆ ఒక్క మాటతో సగం సమస్య పోయింది. ఉల్లిపాయ బరువులో పదింట దాదాపు తొమ్మిది వంతులు నీళ్ళే. ఉప్పు వేయగానే ఆ నీళ్ళు బయటికి వస్తాయి, మూకుట్లో గట్టిగా చిటపటమంటూ ఆవిరి లేస్తుంది. పెద్ద మంట మీద అంచులు ఎర్రబడతాయి గానీ ముక్క లోపల నీళ్ళు అలాగే ఉంటాయి. పైకి వేగినట్టు కనిపించే ఉల్లిపాయ, గుడ్డు పడ్డాక తీరిగ్గా ఆ నీళ్ళు వదులుతుంది. నేను మోసపోయింది అక్కడే. ఇప్పుడు రెండు మధ్యరకం ఉల్లిపాయల్ని సన్నగా తరిగి, రెండు పెద్ద చెంచాల నూనెలో, మధ్యస్థం మంట మీద పది పన్నెండు నిమిషాలు వేయిస్తాను. ఉప్పు ముందే వేస్తాను, రావలసిన నీళ్ళన్నీ గుడ్లు పడకముందే వచ్చేస్తాయి. చప్పుడు మెత్తబడి, ముక్కలు సగానికి తగ్గి, నూనె మళ్ళీ అంచుల్లో కనిపించిందంటే సిద్ధమైనట్టు. అట్లకాడతో ఉల్లిపాయల్ని పక్కకి నెట్టి చూస్తే అడుగున నూనె మెరుస్తుంది, నీటి బుడగలు ఉండవు.

ఇక గుడ్డు సంగతి. పొరటులో గుడ్డు ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేం, కారణం పసుపు. పచ్చి గుడ్డూ పచ్చగానే ఉంటుంది, ఉడికిన గుడ్డూ పచ్చగానే ఉంటుంది, మధ్యలో కారం కలిసిందంటే అసలే తెలియదు. పసుపు లేకుండా చేస్తే తెల్లసొన తెల్లబడటం కనిపిస్తుంది కాబట్టి సులువు. మనం పసుపు మానం కదా. అందుకే నేను రంగు వదిలేసి తడిని చూడటం నేర్చుకున్నాను.

మూకుట్లో కనిపించే తడి మూడు రకాలు. ఈ మూడింటినీ విడదీసి చూడటానికే నాకు రెండేళ్లు పట్టింది. ఒకటి పచ్చి గుడ్డు: చిక్కగా, లోపలికి చూపు ఆననట్టు, సాగుతూ ఉంటుంది. రెండోది నీళ్ళు: పల్చగా, వంచిన వైపుకి గబుక్కున పారతాయి, మరిగితే చిన్న బుడగలు వస్తాయి. మూడోది నూనె: అది పారదు, ముక్కల మీద మెరుపులా, అంచుల్లో సన్నటి గీతలా ఉంటుంది. తేల్చుకోవడానికి అట్లకాడతో మూకుడు మధ్యలో ఒక గీత గీస్తాను. చిక్కటిది నెమ్మదిగా వచ్చి గీతని పూడిస్తే గుడ్డు ఇంకా పచ్చిగా ఉంది. ఏమీ రాకుండా గీత అలాగే నిలబడి, ముక్కలు మాత్రం తడి మెరుపుతో ఉంటే కట్టేయాల్సిన సమయం అదే. పల్చటి నీళ్ళు పారి వస్తే ఆలస్యమైంది, లేదా ఉల్లిపాయలు సరిగ్గా వేగలేదు.

ఆలస్యమైతే నీళ్ళు ఎందుకు వస్తాయన్నది అర్థమయ్యాక ఇంకాసేపు ఉడికిద్దామన్న కంగారు నాకు పోయింది. గుడ్డులోని మాంసకృత్తులు వేడికి విచ్చుకుని ఒకదానితో ఒకటి అల్లుకుంటాయి, ఆ అల్లికలో నీటిని పట్టి ఉంచుతాయి. గుడ్డు మెత్తగా గట్టిపడటం అంటే అదే. వేడి ఇంకా పెరిగితే ఆ అల్లిక బిగుసుకుపోయి, పట్టుకున్న నీటిని పిండేసినట్టు బయటికి తోసేస్తుంది. అంటే ఎక్కువ ఉడికిన గుడ్డు ముక్క గట్టిగానూ ఉంటుంది, గిన్నెలో నీళ్ళూ చేరతాయి. ఆ నీళ్ళు చూసి ఉడకలేదనుకుని ఇంకా ఉడికిస్తే ఇంకా పిండుతుంది. నేను మొదట్లో చేసింది సరిగ్గా అదే తప్పు.

మొన్న ఆదివారం చేసింది ఉన్నదున్నట్టు చెప్తాను. నాలుగు గుడ్లు, ఫ్రిజ్‌లోంచి అరగంట ముందు తీసి పెట్టాను. ఒక్కొక్కటీ ముందు చిన్న గిన్నెలో కొట్టి చూసి, తర్వాత పెద్ద గిన్నెలో వేశాను. పాడైన గుడ్డు ఒకటి పడితే నాలుగూ పోతాయి, ఈ అలవాటు మాత్రం వదలొద్దు. పావు చెంచా ఉప్పు వేసి ఫోర్కుతో ఇరవైసార్లు గిలక్కొట్టాను. నురగ వచ్చేదాకా అక్కర్లేదు, తెల్లసొన తీగలు విడిపోతే చాలు. ఈలోపు ఉల్లిపాయలు పదకొండు నిమిషాలు వేగాయి. అందులో నాలుగు పచ్చిమిరపకాయలు, కరివేపాకు, అర చెంచా అల్లంవెల్లుల్లి ముద్ద, చిటికెడు పసుపు వేసి, పచ్చివాసన పోయాక మంట సిమ్‌లో పెట్టాను. గుడ్లు పోసి ఇరవై సెకన్లు కదపలేదు. అడుగున పలచటి పొర గట్టిపడ్డాక అట్లకాడతో అంచుల నుంచి మధ్యకి తోశాను, ఆగాను, మళ్ళీ తోశాను. గుడ్లు పోసిన రెండు నిమిషాలకి గీత గీస్తే చిక్కటిది నెమ్మదిగా వచ్చి కలిసింది. ఇంకో అర నిమిషానికి గీత నిలబడింది. కట్టేసి కారం, మిరియాల పొడి చల్లి నలభై సెకన్లు కలిపాను. అప్పటికి ఆ తడి మెరుపు తగ్గి, ముక్కలు మెత్తగా విడివిడిగా ఉన్నాయి, నీచు వాసన లేదు. వెంటనే గిన్నెలోకి తీసేశాను. పది నిమిషాల తర్వాత చూసినా కింద నీళ్ళు లేవు.

ఈ వెంటనే తీయడం అనేది మూకుడుని బట్టి మారుతుంది. నా దగ్గర మందపాటి ఇనుప మూకుడు ఉంది, అది కట్టేశాక కూడా చాలాసేపు వేడి పట్టి ఉంచుతుంది. అందులో గీత ఇంకా పూర్తిగా నిలబడకముందే కట్టేస్తాను, అక్కడే వదిలేస్తే మాత్రం గుడ్డు ఎండిపోతుంది. పల్చటి నాన్‌స్టిక్ పెనం త్వరగా చల్లారుతుంది కాబట్టి దానిలో గీత నిలిచాకే కడతాను. ఇనుప మూకుట్లో ఎక్కువసేపు ఉంచితే గుడ్డు కొంచెం నల్లబడుతుంది కూడా, రుచిలో ఇనుము తెలుస్తుంది. పొరటు వరకు నాకు నాన్‌స్టిక్కే నచ్చింది.

తడిగా ఉండగానే కట్టేస్తే పచ్చిగా తిన్నట్టు కాదా అని ఇంట్లో చాలాసార్లు అడిగారు. నాక్కూడా ఆ టెన్షన్ ఉండేది, అందుకే వంటింటి థర్మామీటర్ ఒకటి కొన్నాను. గుడ్డు వంటకాలకి ఆహార భద్రత సూచనల్లో ఎక్కువగా కనిపించే అంకె 71 డిగ్రీల సెల్సియస్. నేను కట్టేసే సమయానికి ముద్ద మధ్యలో దానికి రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉంటుంది, కలుపుతుంటే నిమిషంలోపే దాటుతుంది. ఇలా నాలుగైదుసార్లు కొలిచాక కొలవడం మానేశాను. అయితే గర్భిణులు, చిన్నపిల్లలు, బాగా పెద్దవాళ్ళు, ఒంట్లో బాగోలేనివాళ్ళు తినేటప్పుడు నేను ఈ అంచు దాకా వెళ్ళను. వాళ్ళకి స్టవ్ మీదే తడి మెరుపు పూర్తిగా పోయేదాకా ఉంచుతాను. కొంచెం గట్టిగా ఉంటుంది, పరవాలేదు.

టమాటా వేసేవాళ్ళకి ఒక మాట. టమాటా కూడా ఉల్లిపాయ లాగే నీళ్ళ సంచి. దాన్ని కూడా నూనె తేలేదాకా మగ్గించాలి, దానికి ఇంకో ఆరేడు నిమిషాలు పడుతుంది. అంత ఓపిక లేని రోజున నేను టమాటా వేయను.

గుడ్లు కొట్టి పులుసులోనో కూరలోనో నేరుగా వేసేటప్పుడు గీత పద్ధతి పనిచేయదు, అక్కడ నీళ్ళు ఉండనే ఉంటాయి. కూర సన్నగా మరుగుతుండగా గరిటెతో చిన్న గుంట చేసి ఒక్కో గుడ్డూ వేసి, కదపకుండా మూత పెట్టి ఐదారు నిమిషాలు ఉంచుతాను. పచ్చసొన చుట్టూ తెల్లసొనలో గాజులా కనిపించే భాగం ఎక్కడా మిగలకూడదు. చెంచా వెనక్కి తిప్పి పచ్చసొన మీద నొక్కితే మెత్తటి బంతిలా తగలాలి, నీటి సంచిలా ఊగకూడదు. ఎక్కువగా ఊగేది మధ్యలో వేసిన గుడ్డు కాదు, అంచున వేసినది. మంట అక్కడ సరిగ్గా తగలదు కాబట్టి అంచుదే చూస్తాను.

ఇక బాక్సు సంగతి. మెత్తగా దించిన పొరటుని వేడిగా మూసిన డబ్బాలో పెడితే ఆవిరి మూతకి పట్టి నీళ్ళై మళ్ళీ దాని మీదే పడుతుంది. మధ్యాహ్నానికి తడిసి, నీచు వాసన వస్తుంది. పైగా అలా తడిగా గంటల తరబడి గది వేడిలో ఉన్న గుడ్డు తినడం మంచిది కాదు. అందుకే స్కూలుకి, ఆఫీసుకి పంపే రోజుల్లో పొరటు జోలికి వెళ్ళను. గట్టిగా ఉడికించిన గుడ్డుని పెంకు తీయకుండా అలాగే పెడతాను, ఉల్లిపాయ వేపుడు వేరే గిన్నెలో.