కందులకు దిగుమతి సుంకమా, కోటానా: ఏది మేలు?

కందుల రేటు పడిన ఏడాది నారాయణపేట మార్కెట్ యార్డుకు పంట తెచ్చిన రైతు కోరేది ఒకటే: బయటి సరుకు ఆపాలని. కేంద్రం 2017లో రెండు దారులూ పట్టింది. మార్చిలో కందులపై 10 శాతం సుంకం వేసింది, ఆగస్టులో ఏడాదికి 2 లక్షల టన్నుల కోటా పెట్టింది.

రెండింటికీ తేడా తెలియాలంటే పాలమూరునే ఒక చిన్న దేశం అనుకుందాం. అది ఎంత కొన్నా ప్రపంచ ధర కదలదు. అంకెలు ఊహించినవే. బయట కిలో 60 రూపాయలు. ఆ ధరకు ఇక్కడ పండేది 40 వేల టన్నులు, కావాల్సింది లక్షా 40 వేలు. కిలోకు 20 రూపాయల సుంకం వేస్తే ధర 80 అవుతుంది. పంట 60 వేలకు పెరుగుతుంది, వాడకం లక్షా 20 వేలకు తగ్గుతుంది.

```
   |             /         \
80 |------------/-----------\---
   |           /|           |\
   |     1    /2|     3     |4\
   |         /  |           |  \
60 |--------/---+-----------+---\
   +-----------------------------
            40  60          120 140
```

నిలువున ధర, అడ్డంగా వేల టన్నులు. ఎక్కే గీత సప్లై, దిగే గీత డిమాండ్.

పప్పు కొనేవాళ్లకు నాలుగు ముక్కలూ కలిపి 260 కోట్ల నష్టం. అందులో 1వ ముక్క, 100 కోట్లు, రైతులకు చేరుతుంది. 3వ ముక్క, 120 కోట్లు, ఖజానాకు. 2, 4 ముక్కలు చెరో 20 కోట్లు ఎవరికీ దక్కవు: ఒకటి 60కే దొరికేదాన్ని ఎక్కువ ఖర్చుతో పండించినందుకు, రెండోది రేటు చూసి జనం పప్పు తగ్గించుకున్నందుకు. దేశానికి నికర నష్టం 40 కోట్లు.

సుంకం తీసేసి 60 వేల టన్నుల కోటా పెట్టినా బొమ్మలో ఒక్క గీత మారదు. 3వ ముక్క ఎవరి జేబులో పడుతుందన్నదే ప్రశ్న. కోటా కింద సరుకు తెచ్చుకునే లైసెన్స్ ఉన్నవాళ్లు బయట 60కి కొని ఇక్కడ 80కి అమ్ముకుంటారు. లైసెన్సులు వేలం వేస్తే ఆ 120 కోట్లు ఖజానాకే వస్తాయి. ఊరికే పంచితే దిగుమతి వ్యాపారులకు పోతాయి, పైగా లైసెన్స్ కోసం పైరవీల ఖర్చు తోడవుతుంది. బయటి ఎగుమతిదారుల చేతికిస్తే డబ్బు దేశమే దాటుతుంది, నష్టం 160 కోట్లకు చేరుతుంది.

వానలు లేక ప్రతి ధర దగ్గరా 20 వేల టన్నుల పంట తగ్గిందనుకోండి. సుంకం ఉంటే దిగుమతి 80 వేలకు పెరిగి ధర 80 దగ్గరే ఆగుతుంది. కోటా ఉంటే అదనంగా గింజ రాదు, ధర 90కి ఎక్కుతుంది. పంట పోయిన రైతు కూడా పప్పు కొనుక్కోవాల్సిందే కదా! అయితే బయట ధర 50కి పడితే సుంకం కింద ఇక్కడ 70 అవుతుంది, కోటా కింద 80 నిలబడుతుంది. రైతు సంఘాలు కోటా అడగడంలో న్యాయం అక్కడుంది.

అయినా నా ఓటు సుంకానికే. కోటా తప్పదంటే వేలం ఉండాలి.

నిజమైన భారతదేశం మాత్రం చిన్న కొనుగోలుదారు కాదు. మనం కొనడం తగ్గిస్తే మయన్మార్, మొజాంబిక్‌లో కందుల ధరే పడుతుంది, సుంకంలో కొంత భారం అక్కడి రైతులు మోస్తారు. 60 దగ్గరి గీత అప్పుడు కిందికి జరుగుతుంది, లెక్క మళ్లీ వేయాలి.